బంధువు పంపిన వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ నకలు చెల్లుతుందా? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాల్లో పెద్దలు ఇక్కడ ఉంటే పిల్లలు శ్రీకాకుళంలోనో, విశాఖపట్నంలోనో, ఇంకా దూరంలోనో ఉంటారు. పెద్దాయన పోయిన కొన్నాళ్లకు ఇంటి దగ్గర ఉన్న బంధువు ఫోనులో కొన్ని కాగితాల ఫొటోలు పంపుతాడు. "నాన్న రాసిన వీలునామా ఇది, నాకిచ్చిన పవర్ ఇది" అంటాడు. కాగితం ఒడియాలో ఉంటుంది, ముద్రలు సగం కనిపిస్తాయి, సగం కనిపించవు. ఆ ఫొటోలను ఎలా చదవాలో, వాటి వెనుక ఉన్న అసలు కాగితం చెల్లుతుందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పడానికే ఈ పేజీ.

వివరించడానికి వీలుగా ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి పర్లాకిమిడిలో స్థిరపడిన వ్యాపారి. తెలుగు చదవడం, రాయడం వచ్చు. ఒడియా మాట్లాడతారు కానీ చదవలేరు. భార్య ఉన్నారు, ఒక కొడుకు, ఒక కూతురు. పర్లాకిమిడిలో ఇల్లు, ఊరి చివర ఒక ఖాళీ స్థలం, సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలో ఒక చిన్న ఇల్లు, అన్నీ ఆయన స్వార్జితం. 2016లో కొడుకు పేర జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చారు. 2019 జూన్ తేదీతో ఒక వీలునామా ఉంది. 2023 జనవరిలో కాలం చేశారు. 2023 మార్చిలో కొడుకు ఆ పవర్ చూపించి ఖాళీ స్థలం అమ్మాడు. 2024లో విశాఖపట్నంలో ఉన్న చెల్లెలికి ఆ పవర్, వీలునామా ఫొటోలు పంపి, స్థలం అమ్మిన సంగతి కూడా చెప్పాడు.

ఫొటో చేతికి రాగానే మొదట ఏం చూడాలి?

అది ఏ రకం కాగితమో, దాని మీద ఏ తేదీ ఉందో చూడండి. ఒడియా దస్తావేజు అయితే శీర్షికలో "ఉయిల్" లేదా "ఇచ్ఛాపత్ర" అని ఉంటే వీలునామా. "ఆమ్‌మొక్తార్‌నామా" అని ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన పెద్దలు ముక్తియారునామా అనే కాగితమే.

తర్వాత మరణ ధ్రువపత్రం తీసి పక్కన పెట్టుకోండి. ఈ రెండు కాగితాలూ మరణం దగ్గర ఒకదానికొకటి పూర్తిగా ఎదురు దిశల్లో నడుస్తాయి. వీలునామా రాసిన మనిషి బతికి ఉన్నంత కాలం దానికి ఏ బలమూ లేదు. ఆయన ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చింపేయవచ్చు. ఆయన పోయిన క్షణం నుంచి అది పని మొదలుపెడుతుంది. పవర్ ఆఫ్ అటార్నీ మనిషి బతికి ఉండగా మాత్రమే పనిచేస్తుంది, ఆయన పోయిన క్షణం ఆగిపోతుంది. బంధువులు రెండింటినీ కలిపి "నాన్న నాకు రాసిచ్చారు" అని ఒకే మాటగా చెబుతారు. ఆ మాట దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు కనుక ఈ తేడాను గట్టిగా పట్టుకోండి.

నాన్న పోయాక ఆ పవర్‌తో అన్నయ్య స్థలం అమ్మేశాడు. ఆ అమ్మకం చెల్లుతుందా?

మామూలుగా చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చిన మనిషి మరణంతో ఏజెంటు అధికారం ముగుస్తుంది. పవర్ రిజిస్టర్ అయినదైనా, "ఎప్పటికీ రద్దు కానిది" అని అందులో రాసి ఉన్నా, కేవలం ఆ మాట వల్ల అది బతకదు. మన ఉదాహరణలో జనవరిలో తండ్రి పోయారు, మార్చిలో అమ్మకం జరిగింది. మార్చి నాటికి కొడుకు చేతిలో ఉన్నది కాలం చెల్లిన కాగితం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఏజెంటుకు ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉంటే, ఉదాహరణకు ఆయన ఇచ్చిన అప్పుకు హామీగా పవర్ రాసి ఉంటే, 202వ సెక్షన్ ప్రకారం మరణం తర్వాత కూడా అధికారం నిలవవచ్చు. తండ్రి బాగోగులు, ఆస్తి పనులు చూడమని కొడుక్కి ఇచ్చిన మామూలు పవర్ ఈ కోవలోకి రాదు.

కొన్నవాడు మాత్రం "యజమాని పోయారని నాకు తెలియదు" అనవచ్చు. అధికారం ముగిసిందనే సంగతి మూడో వ్యక్తికి తెలిసినప్పుడే ఆయన విషయంలో ఆ ముగింపు అమలవుతుందని 208వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి కొన్నవాడికి నిజంగా తెలుసా లేదా అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. చిన్న ఊళ్లో, పక్క వీధి మనిషి కొంటే, తెలియదనడం కష్టం. అంత్యక్రియలు చేసిన కొడుకు తనకు తెలియదని ఎలాగూ అనలేడు. అందుకే విషయం తెలిసిన వెంటనే కొన్నవారికి న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపడం మేలు. ఆ రోజు తర్వాత ఎవరూ తెలియదనలేరు.

ఇంకొకటి. పవర్ ఉన్నంత మాత్రాన, తండ్రి బతికి ఉండగా కూడా, కొడుకు యజమాని కాడు. పవర్ ద్వారా "అమ్మేసుకోవడం" హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. తండ్రి తరఫున కొడుకు సంతకం చేసి రిజిస్టర్ చేసిన విక్రయ దస్తావేజు వేరు, పవర్ కాగితాన్నే దస్తావేజులా చూపించడం వేరు.

పవర్ నకలులో ఏ వాక్యాలు చూడాలి?

అధికారాల జాబితా చూడండి. ఆస్తిని చూసుకోవడం, అద్దె వసూలు, పన్ను కట్టడం, కోర్టులో వకాల్తా వేయడం మాత్రమే రాసి ఉంటే అమ్మే అధికారం లేనట్టే. పవర్‌ను కోర్టులు అక్షరానికి కట్టుబడి చదువుతాయి. అమ్మకానికి, దానానికి, తనఖాకు అధికారం స్పష్టంగా రాసి ఉండాలి. ఏ ఆస్తికి వర్తిస్తుందో ఖాతా నంబరు, ప్లాట్ నంబరు ఉన్నాయా అనీ చూడండి. ఒక ప్లాటుకు ఇచ్చిన పవర్‌తో ఇంకో ప్లాటు అమ్మిన సందర్భాలు ఉంటాయి. మరో సంగతి, పవర్ పట్టుకున్నవారు ఆ పెద్దాయన తరఫున వీలునామా రాయలేరు. అది ఎవరికీ అప్పగించలేని పని.

అమ్మ బతికే ఉంది, కానీ మతిమరుపు వ్యాధితో మనుషులను గుర్తుపట్టడం లేదు. ఆమె ముందు ఇచ్చిన పవర్ పనిచేస్తుందా?

లేదు. ఇచ్చినవారు స్వస్థచిత్తం కోల్పోయినా అధికారం ముగుస్తుందని అదే 201వ సెక్షన్ చెబుతుంది. కొన్ని దేశాల్లో మతి తప్పాక కూడా కొనసాగే పవర్ రాసుకోవచ్చు. మన చట్టంలో ఆ ఏర్పాటు లేదు. ఆమె ఆస్తి సంగతి ఏదైనా తేల్చాలంటే సంరక్షకుడి నియామకం కోసం కోర్టుకు వెళ్లాలి.

ఇక వీలునామా. అది చెల్లడానికి ఏం ఉండాలి?

1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేవి కొద్దిపాటి సంగతులే, కానీ అవి ఒక్కటీ తప్పకూడదు. రాసిన మనిషి సంతకం చేయాలి లేదా గుర్తు, వేలిముద్ర వేయాలి. చేయలేని స్థితిలో ఉంటే ఆయన ఎదుటే, ఆయన చెప్పగా మరొకరు చేయవచ్చు. ఆ సంతకం కాగితం మొత్తానికీ తన సమ్మతి అని తెలిసే చోట ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఒక్కో సాక్షీ ఆయన సంతకం చేయడం కళ్లారా చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విని ఉండాలి. తర్వాత సాక్షి ఆయన ఎదుటే సంతకం చేయాలి. ఇద్దరు సాక్షులూ ఒకేసారి అక్కడ ఉండనక్కరలేదు.

దీనివల్ల నకలులో ఏం చూడాలో తెలుస్తుంది. సాక్షుల సంతకాలు రెండు ఉన్నాయా? ఒకటే ఉండి, రెండోది దస్తావేజు లేఖరి సంతకమా? లేఖరి కేవలం "రాసినవాడు"గా సంతకం చేస్తే సాక్షి అనిపించుకోడు. ఆయన కూడా సాక్షిగా ఉండాలన్న ఉద్దేశంతో, పెద్దాయన ఎదుట సంతకం చేశారని రుజువు కావాలి. రెండో సాక్షి "తర్వాత ఇంటికి తీసుకొస్తే సంతకం పెట్టాను" అని కోర్టులో అంటే వీలునామా అక్కడే కూలిపోతుంది. సాక్షుల పేర్లు, ఊళ్లు తెలిస్తే వారిని మర్యాదగా కలిసి, ఆ రోజు ఏం జరిగిందో అడగండి. నకలు చూసి సాధించగలిగే పనుల్లో ఇది అన్నింటికంటే విలువైనది.

రాసిన మనిషి మేజరై, స్వస్థచిత్తంతో ఉండాలి. బెదిరింపు, మోసం, ఊపిరాడనివ్వని ఒత్తిడితో రాయించినది చెల్లదు. సంతకాల తర్వాత మధ్యలో గీతలు, కొట్టివేతలు, కలిపిన పంక్తులు ఉంటే, వాటికి కూడా మళ్లీ ఆయన సంతకం, సాక్షుల సంతకాలు ఉంటేనే అమలు.

ముస్లిం కుటుంబాలకు వేరే నియమాలు ఉన్నాయి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన దానిలో మూడో వంతుకు మించి వీలునామా రాయాలంటే వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవ కుటుంబాల్లో సాక్షికి గానీ సాక్షి భార్యకు, భర్తకు గానీ ఇచ్చిన వాటా చెల్లదు. హిందువులకు ఆ నిషేధం నేరుగా వర్తించదు. అయినా లాభం పొందే మనిషే సాక్షి అయితే కోర్టు అనుమానంగానే చూస్తుంది.

తెల్లకాగితం మీద ఉంది, స్టాంపు లేదు, రిజిస్టర్ కాలేదు. అయినా చెల్లుతుందా?

చెల్లవచ్చు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెలుగులో చేత్తో రాసిన ఒక పేజీ, ఇద్దరు సాక్షుల సంతకాలతో, పూర్తిగా చెల్లే వీలునామా కావచ్చు. నోటరీ ముద్ర ఉన్నా సాక్షులు లేకపోతే చెల్లదు. పవర్ ఆఫ్ అటార్నీకి మాత్రం తగిన స్టాంపు ఉండాలి.

రిజిస్టర్ అయిన వీలునామా పైది, కానిది కిందది అనే నమ్మకం మన వైపు బలంగా ఉంది. అది సరికాదు. చివరగా రాసినదే నిలుస్తుంది. 2019లో రిజిస్టర్ అయిన వీలునామాను 2021లో తెల్లకాగితం మీద సరిగ్గా రాసిన మరో వీలునామా రద్దు చేయగలదు. ఆ రెండోదాన్ని రుజువు చేయడం కష్టమవుతుందే తప్ప బలం తక్కువ కాదు. అందుకే బంధువును అడగవలసిన ప్రశ్న "ఇది రిజిస్టర్ అయిందా" అన్నది ఒక్కటే కాదు, "దీని తర్వాత ఇంకేమైనా రాశారా" అన్నది కూడా.

వీలునామా ఒడియాలో ఉంది. మా నాన్నకు ఒడియా చదవడం రాదు. ఇది అభ్యంతరం అవుతుందా?

అవుతుంది, సరిహద్దు జిల్లాల్లో ఇది చాలా ముఖ్యమైన అభ్యంతరం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఇప్పటికీ ఇళ్లల్లో తెలుగు, కార్యాలయాల్లో ఒడియా. లేఖరులు ఒడియాలోనే రాస్తారు. కాబట్టి భాష తెలియని కాగితం మీద సంతకం చేయడం ఇక్కడ వింతేమీ కాదు. అది ఒక్కటే వీలునామాను చెల్లకుండా చేయదు.

కానీ అందులో ఏముందో తెలిసే సంతకం చేశారని చూపవలసిన బాధ్యత ఆ వీలునామాను ముందుకు తెచ్చిన వారిది. అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించవలసినది వీలునామా వల్ల లాభం పొందేవారేనని సుప్రీంకోర్టు 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. ఇప్పటికీ కోర్టులు ఆ తీర్పునే పట్టుకుని నడుస్తాయి. కాబట్టి నకలు చివరి పేజీలో "ఈ పత్రాన్ని తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశాను" అనే అర్థం వచ్చే వాక్యం ఉందా చూడండి. ఎవరు చదివి వినిపించారో వారి సంతకం ఉందా చూడండి. ఆ వాక్యం లేకపోతే, లేదా చదివి వినిపించింది ఆస్తి మొత్తం పొందిన కొడుకే అయితే, అది అనుమానానికి గట్టి కారణం.

దానికి తోడు మరికొన్ని కలుస్తాయేమో గమనించండి. భార్యకు, కూతురికి ఏమీ ఇవ్వకుండా, ఎందుకు ఇవ్వలేదో ఒక్క మాట కూడా రాయకపోవడం ఒకటి. జీవితమంతా తెలుగులో సంతకం చేసిన మనిషి ఇక్కడ వేలిముద్ర మాత్రమే వేయడం ఇంకొకటి. రిజిస్టర్ అయిన కాగితం మీద సంతకంతో పాటు వేలిముద్ర ఉండటం మామూలే, సంతకం అసలు లేకపోతేనే ఆలోచించాలి. ఆ తేదీన ఆయన ఆసుపత్రిలో ఉన్నారా అన్నది డిశ్చార్జి కాగితాలు చెబుతాయి. ఈ కారణాల్లో ఏదో ఒకటి ఉంటే కోర్టు వివరణ అడిగి సరిపెట్టుకోవచ్చు. రెండు మూడు కలిస్తే వివరణ కష్టమవుతుంది.

కాగితాన్ని తెలుగులోకి చెప్పించుకునేటప్పుడు బంధువు మనిషితో కాకుండా, రెండు భాషలూ తెలిసిన బయటి మనిషితో వాక్యం వాక్యం చెప్పించుకోండి. సారాంశం వద్దు.

ఫొటోల్లో పేజీలన్నీ లేవనిపిస్తోంది. నిజంగా రిజిస్టర్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు పేజీల వెనుక వైపు అడగండి. మన ఉదాహరణలో అన్నయ్య పంపింది మూడు ముందు పేజీలు. రిజిస్టర్ అయిన దస్తావేజుకు ప్రాణం వెనుక పేజీలో ఉంటుంది. ఎవరు ఏ రోజు సమర్పించారో, గుర్తుపట్టిన వారు ఎవరో, దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ పుస్తకంలో ఏ సంపుటంలో ఏ పేజీల్లో ఎక్కించారో సబ్ రిజిస్ట్రార్ రాత, ముద్ర అక్కడే ఉంటాయి.

అక్కడ రెండు సంగతులు గమనించాలి. వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. రెండోది, సమర్పించింది ఎవరు అన్నది. రాసిన మనిషి పోయాక కూడా లాభం పొందేవారు వీలునామాను రిజిస్ట్రేషనుకు తీసుకెళ్లడానికి చట్టం అనుమతిస్తుంది. అప్పుడు కూడా నంబరు, ముద్ర అన్నీ ఉంటాయి, "రిజిస్టర్డ్ వీలునామా" అనే అంటారు. కానీ పెద్దాయన స్వయంగా అధికారి ముందు కూర్చుని ఒప్పుకున్న దానికీ, దీనికీ బరువులో చాలా తేడా ఉంది. సమర్పణ తేదీని మరణ తేదీతో పోల్చండి.

తర్వాత బంధువు ఫొటోను పక్కన పెట్టి, మీరే ధ్రువీకృత నకలు తీసుకోండి. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, వీలునామా రాసిన మనిషి బతికి ఉండగా నకలు ఆయనకు లేదా ఆయన ఏజెంటుకే ఇస్తారు. పోయాక దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇస్తారు. మరణ ధ్రువపత్రం, దరఖాస్తు, రుసుము తీసుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లండి. నంబరు తెలియకపోతే పేరు, సంవత్సరాలు చెప్పి వెతికించమని అడగవచ్చు. బంధువు అనుమతి అవసరం లేదు. పవర్ ఆఫ్ అటార్నీ సాధారణంగా నాలుగో నంబరు పుస్తకంలో ఉంటుంది. దాని నకలు అందులోని పక్షాలకు, వారి ప్రతినిధులకు మాత్రమే ఇస్తారు. కూతురు తండ్రి వారసురాలిగా, సంబంధం చూపే కాగితాలతో అడగాలి.

ఎక్కడ వెతకాలన్నది కూడా ముఖ్యమే. స్థలాల విక్రయ దస్తావేజులకు ఆస్తి ఉన్న చోటే రిజిస్ట్రేషన్ చేయాలనే నియమం ఉంది. వీలునామాకు ఆ నియమం లేదు. పర్లాకిమిడి ఇంటి వీలునామా పాతపట్నంలో రిజిస్టర్ అయి ఉండవచ్చు. సరిహద్దుకు రెండు వైపులా అడగండి.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఈసీ స్థిరాస్తి లావాదేవీల పుస్తకం ఆధారంగా ఇస్తారు, వీలునామాలు వేరే పుస్తకంలో ఉంటాయి. కాబట్టి ఈసీలో వీలునామా కనిపించలేదంటే లేదని అర్థం కాదు. మార్చి 2023 నాటి అమ్మకం మాత్రం ఈసీలో కనిపిస్తుంది, అందుకు అది తప్పక తీయండి.

నోటరీ చేసిన జెరాక్స్ పంపాడు. దానికి విలువ ఎంత?

నోటరీ "అసలుతో సరిపోలింది" అని ముద్ర వేశారంటే, ఆ రోజు ఆయనకు చూపిన కాగితంతో ఆ జెరాక్స్ సరిపోయిందని మాత్రమే. ఆ కాగితం నిజమైనదని ఆయన చెప్పలేదు.

అసలు కాగితం పోయిందంటున్నాడు.

రిజిస్టర్ అయి ఉంటే ధ్రువీకృత నకలుతో అందులోని రాతను చూపవచ్చు. కానీ రాతను చూపడం, అది చెల్లుతుందని రుజువు చేయడం వేరు. అసలు ఎలా పోయిందో చెప్పాలి, పెద్దాయనే చింపేయలేదని నమ్మించాలి. చివరి వరకు అది ఆయన దగ్గరే ఉండి, పోయాక దొరకకపోతే, ఆయనే రద్దు చేసుకుని ఉండవచ్చని వాదించే అవకాశం మీకు ఉంటుంది.

రిజిస్టర్ అయింది కాబట్టి ఇక కోర్టులో ఏమీ చేయలేమా?

చేయవచ్చు. రిజిస్టర్ అయినా, వివాదం వస్తే సాక్షుల్లో కనీసం ఒక్కరిని, బతికి ఉంటే, కోర్టుకు తెచ్చి చెప్పించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 67వ సెక్షన్ ఇదే చెబుతుంది, పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షన్. సాక్షులిద్దరూ పోయి ఉంటే వారిలో ఒకరి చేతిరాతను, పెద్దాయన సంతకాన్ని గుర్తుపట్టగల వారితో చెప్పించాలి.

వీలునామా నిలబడకపోతే, ఆస్తి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పంచుతారు. మన ఉదాహరణలో తల్లి, కొడుకు, కూతురు మూడు సమాన వాటాలు పొందుతారు. తల్లిని మర్చిపోయి అన్నాచెల్లెళ్లు సగం సగం అని మాట్లాడుకోవడం తరచూ వింటాను. ఆమె వాటా ఎవరి దయా కాదు.

వీలునామాకు ప్రొబేట్ తెచ్చుకోవాలా?

ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలుగా ఉన్న ఈ ప్రాంతంలో రాసిన, ఇక్కడి ఆస్తులకు సంబంధించిన హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. వివాదం వస్తే సివిల్ దావాలోనే వీలునామాను రుజువు చేస్తారు.

తహసీల్దారు కార్యాలయంలో పేరు మార్చడానికి అన్నయ్య నన్ను సంతకం అడుగుతున్నాడు. పెట్టాలా?

ధ్రువీకృత నకలు చదవకముందు వద్దు. "నాకు అభ్యంతరం లేదు" అనే అఫిడవిట్ తర్వాత మీ మీదే సాక్ష్యంగా వస్తుంది. మ్యుటేషన్ అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పే, దానితో యాజమాన్యం తేలదు. అయినా ఆ పేరు చూసి ఎవరైనా కొనవచ్చు కనుక ఊరుకోవడం మంచిది కాదు. భూలేఖ్ పోర్టల్‌లో ఖాతా ఎవరి పేర ఉందో చూసి, మ్యుటేషన్ కేసు నడుస్తుంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఆ ఇల్లు తాతల నాటిది. నాన్న మొత్తం అన్నయ్యకు రాయవచ్చా?

ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే ఆయన తన వాటా మేరకే వీలునామా రాయగలరు. 2005 సవరణతో కూతురు కూడా పుట్టుకతోనే వాటాదారు. అందుకే ఆ ఇల్లు ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజు, పాత పట్టా ముందు వెతకండి. స్వార్జితం అయితే భార్యాపిల్లలను పూర్తిగా పక్కనపెట్టి రాసే హక్కు కూడా ఆయనకు ఉంది. అది మనసుకు ఎంత కష్టంగా ఉన్నా చట్టం అడ్డుపడదు.

అన్నయ్య ఇప్పుడు నన్నే పవర్ ఇమ్మంటున్నాడు. విశాఖలో నోటరీ చేయించి పంపితే చాలంటున్నాడు.

మీ తరఫున దస్తావేజును రిజిస్ట్రేషనుకు సమర్పించే పవర్ అయితే, రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం చేసి ధ్రువీకరించాలి. నోటరీ ముందు చేసినది దేశం వెలుపల ఉండేవారికే ఆ పనికి వస్తుంది. విదేశం నుంచి వచ్చిన పవర్‌కు ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి. ఇవ్వాలని నిర్ణయించుకుంటే ఒక ప్లాటుకు, ఒక పనికి, ఒక గడువుకు మాత్రమే ఇవ్వండి. అమ్మకం సొమ్ము మీ ఖాతాలోనే పడాలని రాయించండి.

రాయగడ, కొరాపుట్ వైపు భూమి. అది మొదట గిరిజన కుటుంబానిదని తెలిసింది.

అప్పుడు వీలునామా, పవర్ ప్రశ్నలకంటే ముందు వేరే ప్రశ్న ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనులు గిరిజనేతరులకు చేసిన స్థిరాస్తి బదిలీలను 1956 నాటి రెండో రెగ్యులేషన్ అడ్డుకుంటుంది. పవర్ పేరుతో ఆ భూమిని చేతిలో పెట్టుకున్నా హక్కు రాదు. తండ్రికే సరైన హక్కు లేని భూమిని ఆయన ఎంత చక్కని వీలునామాతో రాసినా ఎవరికీ రాదు.

దావా వేయడానికి గడువు ఉందా?

ఉంది. ఒక దస్తావేజును రద్దు చేయమని అడగడానికి, రద్దుకు కారణమైన సంగతులు మీకు తెలిసిన నాటి నుంచి మూడేళ్లు. మన ఉదాహరణలో చెల్లెలికి అమ్మకం సంగతి 2024లో ఫొటోలతో వచ్చిన సందేశం ద్వారా తెలిసింది. ఆ సందేశం ఉన్న ఫోను ఆమెకు సాక్ష్యం, అవతలివారికి కూడా సాక్ష్యమే. 2027లో అదే నెల, అదే తేదీ దాటితే "మీకు అప్పుడే తెలుసు కదా" అంటారు. స్వాధీనం, వాటా విభజన కోరే దావాలకు గడువులు వేరుగా ఉంటాయి. దావా ఆస్తి ఉన్న చోటి కోర్టులో, అంటే ఇక్కడ పర్లాకిమిడి వైపే వేయాలి. కాబట్టి న్యాయవాదిని కలిసేటప్పుడు ఫొటోలు తొలగించకుండా ఆ ఫోను, మరణ ధ్రువపత్రం, ధ్రువీకృత నకళ్లు, ఈసీ, తండ్రి సంతకం ఉన్న పాత బ్యాంకు కాగితాలు, వీలునామా తేదీ చుట్టుపక్కల నాటి వైద్య పత్రాలు వెంట తీసుకెళ్లండి.